51 క్వింటాళ్లు గెలిచినట్టేనా?

వ్యవసాయ పరిశోధన స్థానాల నివేదిక ఏది తెరిచినా దిగుబడి పట్టిక ఒకటి కనిపిస్తుంది. అంకెలన్నీ అయిపోయాక, పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంటుంది: ‘సి.డి. (5%) – 4.36’. పైన ఒక ఎరువు పద్ధతికి 51 క్వింటాళ్లు, దాని పక్కదానికి 49 క్వింటాళ్లు అని ఉంటే చదివేవాళ్ల కన్ను 51 మీదే ఆగుతుంది. పేపర్లో వార్త కూడా దాని మీదే వస్తుంది. అడుగున ఉన్న 4.36 మాత్రం ఆ తొందర వద్దంటోంది. ఈ రెండింటికీ తేడా రెండే క్వింటాళ్లు, 4.36 కన్నా చిన్న తేడా వస్తే అది ఎరువు వల్లో, నేల వల్లో ఈ ప్రయోగం తేల్చి చెప్పలేదు.

సి.డి. అంటే క్రిటికల్ డిఫరెన్స్. దీన్నే ఎల్.ఎస్.డి., అంటే లీస్ట్ సిగ్నిఫికెంట్ డిఫరెన్స్ అని కూడా అంటారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో సి.డి. అన్న పేరే వాడుక. ఆ అంకె ఎలా పుడుతుందో, దాన్ని పక్కన పెట్టుకుని ఫలితాన్ని ఏ మాటల్లో రాయాలో ఒక వరి ప్రయోగం మీద చూద్దాం. దిగుబడి అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి, ఏ స్థానంలోనూ జరిగిన ప్రయోగం కాదు. లెక్క మాత్రం పూర్తిగా అసలుదే. కాగితం, పెన్సిలు ఉంటే మీరూ వేసి చూసుకోవచ్చు.

వరికి నత్రజని అందించే ఐదు పద్ధతుల్ని పోల్చాలి. మొదటిది నత్రజని అసలు వేయకపోవడం. రెండోది హెక్టారుకు 120 కిలోల నత్రజనిని యూరియా రూపంలో నాట్లప్పుడే ఒకేసారి వేసేయడం. మూడోది అదే యూరియాను దమ్ములో ఒకసారి, పిలకలు వేసేటప్పుడు ఒకసారి, అంకురం దశలో ఒకసారి, మూడు విడతలుగా వేయడం. ఇది అలవాటైన సిఫారసు. నాలుగోది ఆకు రంగు చార్టు పట్టుకుని, ఆకు పాలిపోయినప్పుడు మాత్రమే పైపాటుగా యూరియా వేయడం. ఐదోది నత్రజనిలో నాలుగో వంతు పశువుల ఎరువుగా, మిగతాది మూడు విడతల యూరియాగా ఇవ్వడం. పరిశోధకుల భాషలో ఇవి ఐదు ట్రీట్‌మెంట్లు.

ఐదు పద్ధతులకు ఐదు మడులు చాలుగదా అనిపిస్తుంది. చాలవు. పొలమంతా ఒకేలా ఉండదు. కాలువ నీళ్లు దిగే వైపు ఒండ్రు చేరి నేల బలంగా ఉండవచ్చు, మురుగు వైపు చౌడు పొడచూపవచ్చు. బలమైన నేలలో పడిన పద్ధతి ఎరువు గొప్పతనం లేకుండానే నెగ్గుతుంది. అందుకే ఒక్కో పద్ధతిని నాలుగు మడుల్లో వేస్తారు, మొత్తం ఇరవై మడులు. ఆ ఇరవైనీ ఎక్కడబడితే అక్కడ చల్లేయరు. నేల బలం ఏ దిక్కుగా తగ్గుతోందో చూసి, దానికి అడ్డంగా పొలాన్ని నాలుగు పట్టీలుగా కోస్తారు. పట్టీనే బ్లాకు అంటారు. ఒక బ్లాకులోని ఐదు మడులూ వీలైనంతగా ఒకే రకం నేలలో ఉండాలి, బ్లాకుకూ బ్లాకుకూ మధ్య ఎంత తేడా ఉన్నా ఫరవాలేదు. ప్రతి బ్లాకులోనూ ఐదు పద్ధతులూ ఒక్కోసారి వస్తాయి. ఏది ఏ మడిలోకి రావాలో ప్రతి బ్లాకుకూ విడిగా చీటీలు వేసి తేలుస్తారు. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్, పొట్టిగా ఆర్.బి.డి., అనేది ఇదే.

చీటీలు వేయడం దగ్గర జరిగే తప్పు చిన్నదిగానే కనిపిస్తుంది. మొదటి బ్లాకులో వచ్చిన వరుసనే మిగతా మూడింటిలోనూ దింపేస్తారు, బోర్డులు పాతడం తేలికని. అధికారులు వస్తే చూపించడానికి రోడ్డు పక్కన మంచి మడి ఉండాలని కూడా కొందరికి ఉంటుంది. అప్పుడు ఒక పద్ధతి నాలుగు బ్లాకుల్లోనూ ఒకే అంచున నిలబడుతుంది. ఆ అంచు నేల గుణం, ఎరువు గుణం విడదీయలేనంతగా కలిసిపోతాయి. తరవాత ఏ లెక్కా దాన్ని సరిచేయలేదు. నివేదికలో మడుల పటం ఉంటే ముందు అదే చూడాలి. నాలుగు బ్లాకుల్లోనూ వరుస ఒకటే అయితే అడుగున సి.డి. ఎంత ముద్దుగా అచ్చయినా దానికి విలువ లేదు.

కోత దగ్గరికి వద్దాం. మడి అంచు చాళ్లు పక్క మడి ఎరువును కొంత లాక్కుంటాయి, వాటికి ఎండా గాలీ కూడా ఎక్కువ దొరుకుతాయి. అందుకని నాలుగు వైపులా అంచు చాళ్లు వదిలేసి లోపలి భాగాన్నే కోసి తూస్తారు. మన ప్రయోగంలో ఆ లోపలి భాగం 12 చదరపు మీటర్లు అనుకుందాం. ఒక మడిలో గింజ 6.58 కిలోలు తూగింది, తేమ మీటరు 20 శాతం చూపించింది. పక్క మడి గింజ రెండు రోజులు ఎక్కువ ఆరి ఉండవచ్చు కాబట్టి అన్నిటినీ 14 శాతం తేమకు తెచ్చి పోల్చాలి. 6.58ని 80తో గుణించి 86తో భాగిస్తే 6.12 కిలోలు. 12 చదరపు మీటర్లకు 6.12 అయితే హెక్టారుకు 51 క్వింటాళ్లు. ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: తూకంలో వంద గ్రాములు అటూ ఇటూ అయితే హెక్టారు లెక్కలో అది 83 కిలోలు. చిన్న మడిలో దొర్లే ప్రతి పొరపాటూ హెక్టారు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది వందల ముప్పై రెట్లు పెరిగి కూర్చుంటుంది. తరవాతెప్పుడో నివేదికలో 5103.27 కిలోలు అని రెండు దశాంశాల దాకా కనిపిస్తే నవ్వు రావడం అందుకే.

ఇరవై మడుల దిగుబడి, హెక్టారుకు క్వింటాళ్లలో:

| పద్ధతి | బ్లాకు 1 | బ్లాకు 2 | బ్లాకు 3 | బ్లాకు 4 | సగటు |
|---|---|---|---|---|---|
| నత్రజని లేదు | 37 | 28 | 29 | 26 | 30 |
| ఒకేసారి యూరియా | 43 | 44 | 41 | 40 | 42 |
| మూడు విడతలు | 51 | 50 | 41 | 42 | 46 |
| ఆకు చార్టు ప్రకారం | 55 | 48 | 51 | 42 | 49 |
| పశువుల ఎరువు + యూరియా | 52 | 53 | 51 | 48 | 51 |

నిలువుగా చూడండి. మొదటి బ్లాకు సగటు 47.6, నాలుగోదాని సగటు 39.6. రెండింటిలోనూ అవే ఐదు పద్ధతులు, అదే విత్తనం, అదే నీరు. ఎనిమిది క్వింటాళ్ల తేడా కేవలం నేల మహిమ. మొత్తం సగటు 43.6 కాబట్టి మొదటి బ్లాకులో ఉన్నందుకు ప్రతి మడికీ సుమారు నాలుగు క్వింటాళ్లు కలిసొచ్చాయి, నాలుగో బ్లాకులో ఉన్నందుకు నాలుగు పోయాయి. రెండోదానికి ఒకటి లాభం, మూడోదానికి ఒకటి నష్టం.

ఇప్పుడు ఒక్క మడిని దగ్గరగా చూద్దాం, మూడో బ్లాకులోని మూడు విడతల మడిని. మూడు విడతల సగటు 46. మూడో బ్లాకులో ఉన్నందుకు ఒకటి తీసేస్తే 45 రావాలి. వచ్చింది 41. ఈ నాలుగు క్వింటాళ్ల లోటుకు ఎరువు పద్ధతీ కారణం కాదు, బ్లాకూ కారణం కాదు. నాటు పలచబడిందో, ఎలుక కొట్టిందో, గట్టు కింద నుంచి నీళ్లతోపాటు యూరియా జారిపోయిందో, తూకంలోనే తేడా వచ్చిందో ఈ అంకె చెప్పదు. ఇలా కారణం చెప్పలేని మిగులును ఇరవై మడులకూ విడివిడిగా తీసి, ఒక్కోదాన్ని వర్గం చేసి కలిపితే 96 వస్తుంది. దాన్ని 12తో భాగిస్తే 8. ఎర్రర్ మీన్ స్క్వేర్ అని పట్టికలో రాసేది ఈ ఎనిమిదినే. ఇరవైతో కాకుండా 12తో ఎందుకు భాగించామంటే, సగటులు కట్టడంలోనే కొన్ని అంకెల స్వేచ్ఛ పోయింది. ఐదు పద్ధతుల్లో ఒకటి తక్కువ, నాలుగు బ్లాకుల్లో ఒకటి తక్కువ. నాలుగు మూళ్లు పన్నెండు. దీన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు.

ఈ పన్నెండు పాఠకుల చేతికి దొరికే మంచి తాళంచెవి. కంప్యూటర్లో లెక్క వేసేటప్పుడు బ్లాకుల్ని 1, 2, 3, 4 అని టైపు చేస్తారు. వాటిని పేర్లుగా తీసుకోమని ఆర్ ప్రోగ్రాముకు `factor(block)` అని ప్రత్యేకంగా చెప్పకపోతే, అది వాటిని కొలతలుగా అనుకుంటుంది, రెండో బ్లాకు మొదటిదానికి రెట్టింపు అన్నట్టు. అప్పుడు ఎర్రర్ వరుసలో 12కు బదులు 14 కనిపిస్తుంది. మిగతా అంకెలన్నీ పద్ధతిగానే ఉంటాయి, ఎర్ర గీత ఏదీ పడదు. థీసిసులో ఐదు ట్రీట్‌మెంట్లు, నాలుగు బ్లాకులు అని రాసి ఎర్రర్ దగ్గర 14 వేసి ఉంటే ఏం జరిగిందో ఇక అడగక్కర్లేదు.

ఎనిమిది చేతికొచ్చాక సి.డి. రెండు అడుగుల దూరమే:

CD = t × √(2 × EMS / r) = 2.179 × √(2 × 8 / 4) = 2.179 × 2 = 4.36

ఇందులో r అంటే బ్లాకుల సంఖ్య, EMS అంటే మన ఎనిమిది, t అంటే 12 డిగ్రీల ఎదురుగా పుస్తకాల వెనక పట్టికలో దొరికే అంకె. అర్థం ఇది: రెండు పద్ధతులు నిజానికి ఒకటే అయినా, నేల, తూకాల గందరగోళం వల్ల వాటి సగటుల మధ్య ఏదో ఒక తేడా కనిపిస్తుంది. ఆ తేడా 4.36 దాటడం ఇరవై ప్రయోగాల్లో ఒక్కసారే జరుగుతుంది. కాబట్టి దాటితే ఎరువుదే కారణం అని నమ్మడానికి ఒప్పుకుంటాం. ఈ ఆలోచనంతా ఇంగ్లండులోని రొథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్‌ది. అక్కడ దశాబ్దాల తరబడి పోగుపడిన పంట లెక్కల్ని ఆయన చేతికిస్తే, 1925లో, 1935లో అచ్చయిన రెండు పుస్తకాల్లో పొలం ప్రయోగాల పద్ధతినే తిరగరాశాడు. మన దేశంలో పాన్సే, సుఖాత్మే కలిసి రాసిన పుస్తకం ద్వారా 1954 నుంచి ఈ లెక్క వ్యవసాయ కాలేజీల్లో పాతుకుపోయింది.

బ్లాకులు చేసిన మేలు ఎంతో ఈ అంకెల్లోనే చూడవచ్చు. బ్లాకుల మాట ఎత్తకుండా ఇరవై మడుల్నీ ఒకే గంపలో వేసి లెక్క కడితే సి.డి. 6.35కు పెరుగుతుంది. అప్పుడు మూడు విడతల యూరియాకూ, పశువుల ఎరువు కలిపిన పద్ధతికీ మధ్య ఉన్న ఐదు క్వింటాళ్ల తేడా హద్దు లోపలే ఉండిపోతుంది. బ్లాకుల్ని లెక్కలోకి తెచ్చుకుంటే అదే ఐదు క్వింటాళ్లు 4.36ను దాటి బయటికి వస్తుంది. పొలాన్ని ఏ దిక్కుగా కోయాలో నాట్లకు ముందే ఆలోచించినందుకు దక్కిన ఫలం అది.

సి.డి.ని వాడేముందు ఇంకో పరీక్ష ఉంది, ఎఫ్ టెస్ట్. పద్ధతుల మధ్య మొత్తంగా తేడాలు ఉన్నాయా అని అది ఒకేసారి చూస్తుంది. అది దాటకపోతే పట్టికలో సి.డి. దగ్గర ‘ఎన్.ఎస్.’ అని రాసి ఊరుకోవాలి. ఎందుకంటే ఐదు పద్ధతులుంటే పోల్చడానికి పది జతలు వస్తాయి. ఒక్కో జతకు ఇరవైలో ఒక వంతు పొరపాటు అవకాశం ఉంటే, పదింటిలో ఎక్కడో ఒకచోట తప్పుగా ‘తేడా ఉంది’ అనిపించే అవకాశం సుమారు నాలుగో వంతుకు చేరుతుంది. ఎఫ్ టెస్ట్ ఆ ప్రమాదానికి అడ్డు నిలుస్తుంది. మన ప్రయోగంలో ఎఫ్ విలువ 34.65 వచ్చింది, దాటాల్సింది 3.26. అవలీలగా దాటింది.

అయితే ఇక్కడే నాకు అనుమానం మొదలవుతుంది. అంత పెద్ద అంకె ఎక్కడిది? నత్రజని వేయని మడి 30 దగ్గర పడిపోవడం వల్ల. నత్రజని లేకపోతే వరి తగ్గుతుందని ప్రయోగం చేసి తెలుసుకోవలసిన పని లేదు. ఆ ఒక్క వరుసను చూసి ఎఫ్ టెస్ట్ తలుపు బార్లా తెరిచేస్తే, వెనకాలే మిగతా నాలుగు పద్ధతులూ అడ్డు లేకుండా లోపలికి వచ్చేస్తాయి. నిజంగా కాపలా కావాలంటే ఆ మడిని పక్కన పెట్టి మిగతా నాలుగింటికే ఎఫ్ కట్టి చూడాలి. అలా చూస్తే 7.67 వస్తుంది, దాటాల్సింది 3.49. ఇక్కడ ఇంకా గట్టిగానే నిలబడింది కాబట్టి ముందుకు పోవచ్చు. నిలబడని ప్రయోగాలు చాలా ఉంటాయి, వాటిలో ఈ రెండో లెక్క చేసినవి తక్కువ.

ఇక జతలు చూద్దాం. పశువుల ఎరువు పద్ధతికీ ఆకు చార్టుకూ తేడా 2, హద్దు లోపల. ఆకు చార్టుకూ మూడు విడతలకూ తేడా 3, అదీ హద్దు లోపలే. మూడు విడతలకూ ఒకేసారి వేసినదానికీ 4, అదీ దాటలేదు. అలాగని నాలుగూ ఒకటేనా? పశువుల ఎరువుకూ మూడు విడతలకూ తేడా 5, దాటింది. ఆకు చార్టుకూ ఒకేసారికీ 7, దాటింది. పక్కపక్కవాళ్ల మధ్య తేడా తేలలేదు, దూరంవాళ్ల మధ్య తేలింది. అందుకే సగటుల పక్కన చిన్న అక్షరాలు వేస్తారు: 51కి ‘ఎ’, 49కి ‘ఎబి’, 46కి ‘బిసి’, 42కి ‘సి’, 30కి ‘డి’. రెండు సగటులకు ఒక్క అక్షరమైనా ఉమ్మడిగా ఉంటే వాటి మధ్య తేడా తేలలేదని గుర్తు.

థీసిసుల్లో ఇలాంటి జతను ‘ఆన్ పార్’ అంటారు. విద్యార్థులు ఆ మాటను సమానం అన్న అర్థంలో రాసేస్తారు, రైతు కరపత్రంలోకి వచ్చేసరికి అది నిజంగానే ‘రెండూ సమానం’ అయి కూర్చుంటుంది. నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. 51కీ 49కీ తేడా 2. దాని చుట్టూ 4.36 అటూ ఇటూ పెడితే అసలు తేడా మైనస్ 2.4 నుంచి 6.4 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. అంటే పశువుల ఎరువు ఆరు క్వింటాళ్లు ఎక్కువ ఇవ్వవచ్చు, రెండు తక్కువా ఇవ్వవచ్చు. సమానమని తేలలేదు, ఏది మెరుగో తేలలేదు, అంతే. ఆ రెండు క్వింటాళ్ల తేడా హద్దు దాకానైనా రావాలంటే సి.డి. 2కు దిగాలి. అందుకు ఇదే నేలలో నాలుగు బ్లాకులకు బదులు పదహారు కావాలి. అప్పుడు కూడా, అసలు తేడా సరిగ్గా రెండే అయితే, దాన్ని పట్టుకునే అవకాశం సగానికి సగమే. ఏ పరిశోధన స్థానమూ ఎనభై మడులు వేసి దీనికోసం కూర్చోదు. కాబట్టి పది శాతం కన్నా చిన్న తేడాల గురించి ఇలాంటి ప్రయోగాన్ని అడగడమే దండగ.

దీనికి ఎదురు తప్పు కూడా అంతే మామూలు. ‘తేడా సి.డి. దాటకపోయినా అంకెల్లో మాత్రం పశువుల ఎరువే మెరుగు’ అని ఒక వాక్యం చేర్చి, సారాంశానికి వచ్చేసరికి ఆ ‘దాటకపోయినా’ను జారవిడిచేస్తారు. కంట్రోల్ మీద శాతం కట్టడం మరో దారి. నత్రజని వేయని మడితో పోలిస్తే 51 అంటే 70 శాతం ఎక్కువ, శీర్షికకు బాగుంటుంది. కానీ ఏ రైతూ నత్రజని లేకుండా వరి పండించడం లేదు. అతను వేస్తున్నది మూడు విడతల యూరియా అయితే, దానితో పోల్చిన పెరుగుదల 11 శాతం.

మూడో బ్లాకులో 41 వచ్చిన మడి దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఈ ప్రయోగంలో కత్తి అంచు మీద ఉన్న తీర్పు ఒక్కటే: మూడు విడతల కన్నా పశువుల ఎరువు మేలు అన్నది. ఆ 41ని తీసేసి, లోటు మడికి చేసే లెక్క మళ్లీ చేస్తే మూడు విడతల సగటు 47.7 అవుతుంది, తేడా 3.3కు తగ్గుతుంది, హద్దు 4.3 దగ్గర ఉంటుంది. తీర్పు తిరగబడింది! మరి తీయవచ్చా? కోతకు ముందే, దిగుబడి ఎంతో ఎవరికీ తెలియనప్పుడే, ‘మూడో బ్లాకు, మూడు విడతల మడి, ఎలుక నష్టం’ అని ఫీల్డు పుస్తకంలో రాసి ఉంటే తీయవచ్చు, తీసినట్టు నివేదికలో చెప్పాలి. తూకం చూశాక గుర్తొచ్చిన ఎలుకలకు చెల్లుబాటు లేదు. ఆ నష్టం పద్ధతి వల్లే వచ్చిందా అన్నది కూడా చూడాలి. ఎక్కువ నత్రజనికి పైరు పడిపోతే అది ఆ పద్ధతి ఫలితమే, లోటు మడి కాదు.

మడుల్లో చెల్లాచెదురు మొత్తంగా ఎంత ఉందో చెప్పే అంకె సి.వి. ఎనిమిదికి వర్గమూలం 2.83, దాన్ని మొత్తం సగటు 43.6తో భాగిస్తే 6.5 శాతం. వరి ఎరువుల ప్రయోగాల్లో 10 నుంచి 12 శాతం దాకా మామూలేనని గోమెజ్ దంపతులు 1984 నాటి తమ పుస్తకంలో రాశారు. ఆ లెక్కన మనది పొందికైన ప్రయోగమే. సి.వి. 25 దాటి, అయినా రెండు క్వింటాళ్ల తేడాలను గట్టిగా చెప్పే నివేదికను మాత్రం పక్కన పెట్టేయడం మేలు.

ఒక జాగ్రత్త చెప్పి రాత దగ్గరికి వెళ్తాను. ఐదు పద్ధతులు ఐదు మోతాదులయి ఉంటే, 0, 40, 80, 120, 160 కిలోల నత్రజని అనుకోండి, అప్పుడు సి.డి.తో జతల్ని పోల్చడం సరికాదు. 80కీ 120కీ తేడా తేలలేదు కాబట్టి 80 చాలు అనే వాక్యం అలాగే పుడుతుంది. మోతాదులకు వక్రరేఖ గీసి, అది ఎక్కడ చదునవుతోందో చూడాలి.

మన ప్రయోగం ఫలితాన్ని నేనైతే ఇలా రాస్తాను:

‘నత్రజని అందించే పద్ధతిని బట్టి గింజ దిగుబడి మారింది (సి.డి. 4.36 క్వింటాళ్లు, సి.వి. 6.5 శాతం, నాలుగు బ్లాకులు). నత్రజనిలో నాలుగో వంతు పశువుల ఎరువుగా ఇచ్చినప్పుడు హెక్టారుకు 51 క్వింటాళ్లు వచ్చింది. అలవాటైన మూడు విడతల యూరియా కన్నా ఇది 5 క్వింటాళ్లు ఎక్కువ. ఈ లాభం 0.6 నుంచి 9.4 క్వింటాళ్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆకు చార్టు ప్రకారం వేసిన యూరియాకు 49 క్వింటాళ్లు వచ్చింది. ఇది పశువుల ఎరువు పద్ధతికన్నా తక్కువో కాదో, మూడు విడతలకన్నా ఎక్కువో కాదో ఈ ప్రయోగంలో తేలలేదు. యూరియా మొత్తం ఒకేసారి వేస్తే 42 క్వింటాళ్లే వచ్చింది, పై రెండు పద్ధతులకన్నా ఇది తక్కువ. మూడు విడతలతో పోల్చినప్పుడు తేడా తేలలేదు. ఫలితం ఒక నేలలో, ఒక సీజనుకు సంబంధించినది.’

అంకెలు తక్కువే ఉన్నాయి, కానీ ప్రతి తేడాకూ ఒక దిక్కూ, ఒక పరిమాణమూ, ఎంత నమ్మాలో ఒక కొలతా ఉన్నాయి. ‘అత్యధిక’, ‘గణనీయమైన’ లాంటి మాటలు లేకపోయినా ఏమీ లోటు కనిపించదు. రెండో సీజను అంకెలు వస్తే వాటిని ఊరికే సగటు చేయకుండా, ముందు రెండు సీజన్ల ఎర్రర్‌లు పోల్చదగినవేనా, పద్ధతుల వరుస రెండిట్లోనూ ఒకటేనా అని చూసుకోవాలి.

రైతు కరపత్రానికి దీన్ని దించేటప్పుడు హెక్టారు ఎకరం కావాలి, క్వింటా బస్తా కావాలి. ఐదు క్వింటాళ్లంటే ఎకరాకు రెండు క్వింటాళ్లు, 75 కిలోల బస్తాల్లో సుమారు రెండు ముప్పావు. హద్దులతో సహా చెప్పాలంటే బస్తాలో మూడో వంతు నుంచి ఐదు బస్తాల దాకా. అందుకు కావలసిన పశువుల ఎరువు, అందులో నత్రజని అర శాతం అనుకుంటే, ఎకరాకు సుమారు రెండున్నర టన్నులు. దానికి తగ్గట్టు యూరియా నాలుగో వంతు తగ్గుతుంది. ఎరువు సొంత దొడ్లో ఉన్నవాళ్లకూ, కొని ట్రాక్టరు కిరాయి ఇచ్చి తోలించుకునేవాళ్లకూ ఈ లెక్క ఒకేలా తేలదు కాబట్టి కరపత్రంలో రెండు ఖర్చులూ విడివిడిగా వేయాలి.